టక్

మామగారు నాతో మాట్లాడి రెండు రోజులైంది. కారణం నా బండి కింద ఉన్న ఒక బోల్టు. ఆ సంగతి ఆయనకు చెప్పాను, నమ్మలేదు.

వారం కిందట సెల్ఫ్ నొక్కితే బండి టకటకటకమని మెషిన్‌లా కొట్టుకుంది. హెడ్‌లైట్ నీరసించింది, హారన్ గొంతు పట్టేసింది. అది న్యాయంగా బ్యాటరీ జబ్బే. బటన్ నొక్కగానే ఇంజన్‌ను తిప్పే మోటారుకు కరెంటు పంపే స్విచ్చు, అంటే రిలే, పట్టుకుంటుంది, మోటారు కరెంటు లాగేసరికి బ్యాటరీ ఓల్టేజీ పడిపోతుంది, రిలే వదిలేస్తుంది, ఓల్టేజీ లేస్తుంది, రిలే మళ్ళీ పట్టుకుంటుంది. ఆ పట్టూ విడుపుల చప్పుడే టకటక. మెకానిక్ కొత్త బ్యాటరీ వేశాడు. మర్నాడు సెల్ఫ్ నొక్కితే ఒక్కటే టక్. ఆపైన నిశ్శబ్దం. "టక్ అందంటే రిలే పోయినట్టే సార్" అన్నాడతను, ఫోన్లోనే, బండి మొహం కూడా చూడకుండా. రిలే కూడా మారింది. ఒకరోజు బాగానే తిరిగింది.

మొన్న మామగారిని వెనక కూర్చోబెట్టుకుని వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగింది. పచ్చలైటు పడింది. టక్.

"మళ్ళీ నొక్కండి అల్లుడుగారూ."

టక్. వెనక హారన్లు. ఒకటి గమనించాను: హెడ్‌లైట్ ఇసుమంతైనా తగ్గట్లేదు. అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు, సిగ్గు వచ్చింది.

నా బండికి కిక్కు లేదు. "తోస్తాను" అన్నారు మామగారు. వద్దన్నాను, కానీ వద్దనే మాటలో ఉండాల్సిన బలం నా గొంతులో లేదు. ఆయన కళ్ళజోడు జేబులో పెట్టుకుని, చెప్పులు సర్దుకుని, పెద్దరికాన్ని పక్కన పెట్టి తోశారు. నేను సెకండ్ గేరులో పెట్టి, క్లచ్ పట్టుకుని, కాస్త వేగం రాగానే ఠక్కున వదిలాను. బండి అందుకుంది. అందుకుని, నన్ను మాత్రమే తీసుకుని వెళ్ళిపోయింది.

పక్కనున్న ఖాళీ స్థలంలోకి తిప్పి వెనక్కి చూస్తే ఆయన ఆయాసపడుతూ నా వెనకే వస్తున్నారు. ఆపితే ఇంజన్ ఆగిపోతుందేమోనని భయం. అందుకని ఆయన చుట్టూ తిరిగాను. ఒక ప్రదక్షిణ. "ఆపండి!" అన్నారు. "ఆపితే మళ్ళీ మీరే తోయాలి మామగారూ!" రెండో ప్రదక్షిణ. ఆయన కూడా గడియారం ముల్లులా నాతోపాటే తిరుగుతూ నిలబడ్డారు. బండి మీద ఉన్నవాడికి ఎటూ చూపు ఆనదు కాబట్టి ఆయన ముఖం సరిగా కనబడలేదు, అది నా అదృష్టం. ఎవరో మొబైల్ తీశారు. "పరిగెత్తి ఎక్కండి" అని నేను నిజంగానే అన్నాను, ఒప్పుకుంటున్నాను. న్యూట్రల్ అనే సదుపాయం ఒకటి ఉందని మూడో ప్రదక్షిణ మధ్యలో గుర్తొచ్చింది. అప్పటికి ఆయన నడిచి వెళ్ళిపోతున్నారు.

ఇంటికొచ్చి మల్టీమీటర్ తీశాను. బండి న్యూట్రల్‌లో పెట్టి బ్యాటరీ మీద చూస్తే 12.6 ఓల్టులు. సెల్ఫ్ నొక్కాను: టక్, 12.5. బ్యాటరీ బలహీనమైతే ఇక్కడ పదికి దిగువకు కుంగిపోవాలి. ఇది కుంగనే లేదంటే మోటారుకు కరెంటు పోవడమే లేదన్నమాట. రిలే మీది రెండు లావు టెర్మినళ్ళ మధ్య పెట్టి నొక్కితే దాదాపు సున్నా, అంటే రిలే తన పని తను చేస్తోంది. చివరికి ఒక మొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ మీద పెయింటు లేని చోట పెట్టి నొక్కాను. పావు ఓల్టు దాటకూడని చోట 11 ఓల్టులు! ఓల్టేజీ అంతా ఎర్త్ దారిలోనే, అంటే కరెంటు ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు తిరిగొచ్చే దారిలోనే, ఆవిరైపోతోంది. లైట్ల ఎర్త్ వేరే తీగలో వెళ్తుంది కాబట్టి అవి నిశ్చింతగా వెలుగుతున్నాయి.

ఎర్త్ స్ట్రాప్ ఇంజన్‌కు బిగించే బోల్టు వేలితో తిప్పితే తిరిగింది. దాని కింద తుప్పు. విప్పి, స్ట్రాప్ గుండ్రటి కొసనూ అది కూర్చునే చోటునూ మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించాను. ఒక్క నొక్కుకే ఇంజన్ లేచింది. రిలే మార్చిన రోజు బండి ఎలా తిరిగిందంటే, ఆ కదుపుల్లో బోల్టు కాసేపు అతుక్కుని ఉండాలి.

మెకానిక్‌కు ఫోన్ చేసి ఆ రిలే ఎందుకు మార్చావయ్యా అని అడిగాను. "కొత్తది మంచిదే కద సార్" అన్నాడు.

సాయంత్రం బండి తీసి, మామగారూ దింపుతాను రండి అన్నాను. ఆయన గొడుగు అందుకుని, గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయారు.