మాండరిన్‌లో ‘షి… ద’: ‘ల’కి బదులుగా వాడేది కాదు

మాండరిన్ చైనీస్ నేర్చుకునేవాళ్లకు ఇచ్చిన ఒక సలహా ఇది: “మాండరిన్‌లో జరిగిపోయిన పని చెప్పాలంటే క్రియ తర్వాత ‘ల’ పెట్టండి, లేదా ‘షి… ద’ మధ్య చెప్పండి. రెండూ ఒకటే, రెండోది కాస్త నొక్కి చెప్పినట్టుంటుంది. కాదనాలంటే ‘మే’ చేర్చండి. ‘షి’ ఇష్టముంటే పెట్టుకోవచ్చు. ‘ద’ ఎప్పుడూ వాక్యం చివరే.”

మొదటి మాటే పెద్ద తప్పు, మిగతావి చాలావరకు దాన్నుంచే పుట్టాయి. పని జరిగిందన్న సంగతి ఎదుటివాళ్లకు కొత్తగా చెప్పేటప్పుడు ‘ల’ వస్తుంది. పని జరిగిందని ఇద్దరికీ ముందే తెలిసి, ఎప్పుడు, ఎక్కడ, ఎలా, ఎవరు అన్నది మాత్రమే తేలాల్సినప్పుడు ‘షి… ద’ వస్తుంది. షాంఘైలో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లారనుకోండి. తలుపు తీసి “నీ లాయ్ ల!” అంటాడు, వచ్చేశావా అని. మీరు వచ్చిన సంగతి ఇక అతనికి తెలుసు. కాబట్టి తర్వాతి ప్రశ్న “నీ షి జెన్మ లాయ్ ద?”, ఎలా వచ్చావు అని. జవాబు “వో షి జువో గావ్‌థ్యె లాయ్ ద”, అంటే నేను వచ్చింది హైస్పీడ్ రైల్లో. ఇక్కడ “వో జువో గావ్‌థ్యె లాయ్ ల” అంటే, కళ్లెదుటే ఉన్న మనిషి తాను వచ్చానన్న వార్తను మళ్లీ చెప్పినట్టుంటుంది. అడిగినదానికి జవాబు కాదు.

ఒకే సంభాషణలో రెండూ పక్కపక్కనే రావడం రోజూ వినిపిస్తుంది. “వో మాయ్ షౌజీ ల” (ఫోన్ కొన్నాను) అని ఒకరంటే, రెండోవారు వెంటనే “జాయ్ నార్ మాయ్ ద?” అంటారు, ఎక్కడ కొన్నావని. కొనడం కొత్త వార్తగా ఉన్నది మొదటి వాక్యంలోనే. రెండో వాక్యానికి అది పాతబడిపోయింది, అందుకే ‘ల’ పోయి ‘ద’ వచ్చింది.

నిజానికి తెలుగువాళ్లకు ఇది పరాయి పద్ధతేమీ కాదు. “నేను రైల్లో వచ్చాను” అనడానికీ “నేను వచ్చింది రైల్లో” అనడానికీ తేడా మనకు చెప్పకుండానే తెలుసు. మనం నొక్కాల్సిన ముక్కను వాక్యం చివరికి తీసుకెళ్తాం. మాండరిన్‌లో ఆ ముక్క తన చోటనే ఉంటుంది, దానికి సరిగ్గా ముందు ‘షి’ వచ్చి చేరుతుంది. టికెట్ కొన్నది నేను అనాలంటే “ప్యావ్ షి వో మాయ్ ద”. కొన్నది నిన్న అనాలంటే “ప్యావ్ షి జువోథ్యెన్ మాయ్ ద”.

కాదనడం దగ్గర పొరపాటు జరిగితే అర్థమే తిరగబడుతుంది. “వో మే లాయ్” అంటే నేను రాలేదు. “వో బూ షి జువో ఫేజీ లాయ్ ద” అంటే నేను వచ్చింది విమానంలో కాదు. వచ్చిన మాట నిజమే, విమానం మాత్రమే అబద్ధం. తెలుగులో ‘రాలేదు’కీ ‘వచ్చింది… కాదు’కీ ఉన్న తేడానే ఇది. ‘షి… ద’ వాక్యాన్ని కాదనడానికి ‘షి’ ముందు ‘బూ’ పెడతారు, ‘మే’ పెట్టరు. అందుకే ‘షి’ని వదిలేసే స్వేచ్ఛ అవునన్న వాక్యాల్లోనూ మామూలు ప్రశ్నల్లోనూ ఉంటుంది గానీ ఇక్కడ ఉండదు. ‘బూ’ ఉన్నచోట ‘షి’ కూడా ఉండి తీరాలి.

‘ద’ స్థానం గురించి: కర్మ ఉంటే ‘ద’ దానికి ముందే, క్రియను అంటిపెట్టుకుని రావచ్చు. “వో షి జాయ్ బేజింగ్ ష్యుయె ద హాన్‌యూ” (నేను చైనీస్ నేర్చుకుంది బేజింగ్‌లో) అనే మాట ఉత్తర చైనావాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తుంది. “ష్యుయె హాన్‌యూ ద” అన్నా తప్పు లేదు. కర్మ ‘థా’ (అతను) లాంటి సర్వనామమైతే మాత్రం ‘ద’ను చివరే ఉంచడం మేలు: “వో షి జాయ్ బేజింగ్ రెన్‌షి థా ద”, అతన్ని నేను కలుసుకుంది బేజింగ్‌లో.

ఆ సలహాలో లేనిదొకటి ఉంది, మనవాళ్లు తప్పటడుగు వేసేది అక్కడే. తెలుగులో “నేను వెళ్లింది నిన్న” అన్నట్టే “నేను వెళ్లేది రేపు” అనీ అంటాం. ఆ అలవాటుతో “వో షి మింగ్‌థ్యెన్ జౌ ద” అనాలనిపిస్తుంది. అది కుదరదు, ఎందుకంటే ఈ ‘ద’ జరిగిపోయిన పనికే అతుకుతుంది. రేపటిని నొక్కాలంటే ‘ద’ తీసేసి “వో షి మింగ్‌థ్యెన్ జౌ” అనాలి. “థా హుయ్ లాయ్ ద” (అతను తప్పకుండా వస్తాడు) లాంటి వాక్యంలో ‘ద’ కనిపిస్తుంది కదా అంటారేమో. అక్కడి ‘ద’ పని వేరు, అది మాటకు గట్టి నమ్మకాన్ని చేరుస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న ప్రశ్నతో దానికి సంబంధం లేదు.