రిటైరైన మొదటి ఐదేళ్లే అసలు గండం

యాభైకే ఉద్యోగం మానేద్దామనుకునేవాళ్లు అమెరికాలో ఉన్న మన వాళ్లలో బాగా పెరిగారు. నలుగురు కలిస్తే "ఎంత ఉంటే చాలు?" అన్న మాటే. మార్కెట్ సగటున ఇంత ఇస్తుంది, మనం ఏటా 4 శాతం తీసుకుంటాం, సరిపోతుంది అని తేల్చేస్తారు. నాకు ఈ లెక్క చూస్తే భయమేస్తుంది. జీతం వస్తున్నన్నాళ్లూ సగటు చూసుకుంటే చాలు, కానీ డబ్బు తీయడం మొదలుపెట్టాక ఆ సగటు ఏ వరసలో వచ్చిందన్నదే ముఖ్యం. దీన్నే సీక్వెన్స్ ఆఫ్ రిటర్న్స్ రిస్క్ అంటారు.

2000 జనవరిలో 10 లక్షల డాలర్లతో ఒకాయన రిటైరయ్యాడనుకోండి. మొత్తం ఎస్ అండ్ పీ 500 ఇండెక్స్ ఫండ్‌లో ఉంది, ప్రతి ఏడాది మొదట్లో 40 వేలు తీసుకుంటాడు. లెక్క తేలిగ్గా ఉండడానికి ధరల పెరుగుదల, పన్నులు పక్కన పెడదాం. డివిడెండ్లతో కలిపి చూసినా ఆ ఇండెక్స్ 2000లో 9.1 శాతం, 2001లో 11.9, 2002లో 22.1 పడింది. మూడేళ్లు తిరిగేసరికి ఆయన దగ్గర మిగిలింది సుమారు 5.4 లక్షలు. తర్వాత 28.7, 10.9, 4.9 శాతం చొప్పున మూడు మంచి ఏళ్లు వచ్చినా 2005 ఆఖరుకి 6.6 లక్షలే.

ఇప్పుడు ఇవే ఆరు అంకెల్ని తలకిందులు చేయండి, అంటే మంచి ఏళ్లు ముందు, చెడ్డవి తర్వాత. ఆఖరుకి 7.35 లక్షలుంటాయి. పైసా తీయనివాడికైతే ఏ వరసైనా ఒకటే, 9.34 లక్షలు. అంటే ఆ 75 వేల తేడా కేవలం వరస వల్ల వచ్చింది. పడిపోయిన ధరకి అమ్ముకుని తిన్న యూనిట్లు మార్కెట్ లేచినప్పుడు మన దగ్గర ఉండవు కదా.

నేను గట్టిగా చెప్పేది ఒకటే: రిటైరయ్యే రోజుకి ఐదేళ్ల ఖర్చు షేర్లలో ఉండకూడదు. పై ఉదాహరణలోనే 2 లక్షలు పక్కన పెట్టి, వడ్డీ సున్నా అనుకుని, మొదటి ఐదేళ్లూ దాంట్లోంచే తిన్నాడనుకుందాం. మిగతా 8 లక్షలు షేర్లలోనే. చెడ్డ ఏళ్లు ముందొస్తే చివరికి 7.05 లక్షలు, మంచివి ముందొస్తే 7.11. చూశారా, 75 వేల తేడా 6 వేల లోపుకి వచ్చేసింది! ఊరికే కాదులెండి, మంచి వరస వస్తే షేర్లలోనే ఉన్నవాడికంటే పాతిక వేలు తక్కువ మిగులుతాయి. చెడ్డ వరసలో 45 వేలు కాపాడినందుకు అది నాకు సబబైన ధరే అనిపిస్తుంది.

ఈ డబ్బు ఎక్కడ పెట్టాలన్నది కూడా చూసుకోవాలి. 2022లో షేర్లు 18 శాతం పడితే, మామూలు బాండ్ ఫండ్లు కూడా 13 శాతం దాకా పడ్డాయి. అందుకే దీర్ఘకాలపు బాండ్లు వద్దు, ఏ ఏడాది ఖర్చు ఆ ఏడాదే చేతికొచ్చేలా ధరలతోపాటు విలువ పెరిగే టిప్స్ అనే ప్రభుత్వ బాండ్లు వరసగా కొనుక్కుంటే ధరల పెరుగుదల బెంగ కూడా తగ్గుతుంది. ఉద్యోగం మానే ఐదేళ్ల ముందు నుంచీ 401కే లోపలే షేర్లని కొంచెం కొంచెంగా ఇలా మార్చుకుంటే ఆ మార్పిడికి పన్ను పడదు. ఖర్చయిన భాగాన్ని మార్కెట్ పడి ఉన్నప్పుడు షేర్లు అమ్మి మళ్లీ నింపకండి, ఆ పని చేస్తే ఇదంతా పెట్టుకుని లాభమేముంది?

ఐదేళ్ల డబ్బు ఉన్నా పదేళ్ల మాంద్యం వస్తే చాలదు. అందుకే ప్రతి జనవరిలో ఒక లెక్క వేసుకోవాలి: ఈ ఏడాది తీయబోయేది, మొత్తం మిగిలినదాంట్లో ఎంత శాతం? 4తో మొదలుపెట్టినవాళ్లకి అది 4.8 దాటితే ఖర్చు పదో వంతు తగ్గించాలని గైటన్-క్లింగర్ పద్ధతి చెబుతుంది. పై ఉదాహరణలో మొత్తం షేర్లలో పెట్టినాయనకి మూడేళ్ల తర్వాత అది 7.4 శాతం! 40 వేలలో 4 వేలు తగ్గించుకోవడం చాలామందికి సాధ్యమే, ఒక ఇండియా ప్రయాణం వాయిదా పడుతుంది, అంతే. ఏడాదికి 15 వేలొచ్చే పార్ట్‌టైమ్ పని దొరికితే ఇంకా నయం, ఎందుకంటే సోషల్ సెక్యూరిటీ 62 దాకా మొదలవదు, మెడికేర్ 65 దాకా రాదు, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం భారమంతా ఈ ఏళ్లలోనే పడుతుంది.

ఇంకొక్క సంగతి. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్న ప్లాట్లని ఈ ఐదేళ్ల డబ్బుగా లెక్కేయకండి. 300 గజాల స్థలంలో ఈ నెల ఖర్చుకని పది గజాలు అమ్మలేం. అవసరమైన నెలలో కొనేవాడు దొరకడు, దొరికినా మన తొందర చూసి ధర తగ్గించి అడుగుతాడు, రిజిస్ట్రేషన్ పూర్తయి ఆ సొమ్ము ఎన్నారై ఖాతా నుంచి అమెరికాకి రావడానికి కాగితాలు, సీఏ సర్టిఫికెట్లు, నెలల సమయం. పని చేసిన కంపెనీ షేర్లదీ అదే కథ, మార్కెట్ పడినప్పుడు అవీ దాంతోపాటే పడతాయి.