తండ్రి వయస్సు సున్న: సరిచూచితిమి

విశాఖపట్నంలో పిల్లల లెక్కలకు జవాబులు ఎవరు నిర్ణయిస్తారన్న సంగతి నాకు ఈ మధ్యనే తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ పని సమీకరణమే చూసుకుంటుందని భ్రమపడ్డాను. ముప్పై ఏళ్ళు హైస్కూలులో లెక్కలు చెప్పి పెన్షను పుచ్చుకుంటున్నవాడికి అంతకు మించిన లోకజ్ఞానం ఎక్కడి నుంచి వస్తుంది? సమీకరణానికి ఆ అధికారం ఎప్పుడో పోయిందని, ఇప్పుడు దాన్ని ‘కీ’ అనే కాగితం చెలాయిస్తున్నదని, ఆ కాగితాన్ని ప్రశ్నించడం ఇంటా వంటా లేని పని అని మా మనవరాలు వెళ్ళే ట్యూషన్ సెంటరు వారు నాకు బోధపరిచారు. సెంటరు పేరు చెప్పను. పేరు ముఖ్యం కాదు, కాగితం ముఖ్యం.

ఆ కాగితం ఎనిమిదో తరగతి వర్క్‌షీటుకు సంబంధించినది. ఏకచరరాశిలో రేఖీయ సమీకరణాలు, ఇరవై లెక్కలు. వాటిలో ఏడోది ఇది:

```
5 − 2(x − 3) = 3x − 4
```

మా మనవరాలు దీనికి 3 అని రాసింది. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా ఒక గీత, పక్కన కీలోని జవాబు: 3/5. కీ అడుగున, రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు మీద వేసినట్టు, ఒక మాట కూడా ఉంది. ‘ప్రతిక్షేపించి సరిచూచితిమి.’

ఈ ‘చూచితిమి’ దగ్గర నేను కొంతసేపు గౌరవంగా ఆగిపోయాను. చూడకుండా చూచితిమి అనే మనుషులు ఉంటారని నమ్మడానికి మనసు ఒప్పలేదు. అందుకని 3/5 ఎలా పుట్టిందో వెదికాను. అది పుట్టడానికి పెద్ద కష్టం అక్కరలేదు. బ్రాకెట్టు ముందున్న −2 తో లోపలి రెండు పదాలనూ గుణించాలి. −2 ను −3 తో గుణిస్తే +6 రావాలి. కీ రాసినవారు −6 వేశారు. వారి రెండో పంక్తి ఇలా వచ్చింది:

```
−1 − 2x = 3x − 4
```

ఇక్కడి నుంచి 5x = 3, కాబట్టి x = 3/5. పిల్లలందరూ ఏదో ఒక రోజు చేసే తప్పే ఇది. నేనూ చేశాను, బోర్డు మీద, ఇన్‌స్పెక్టరు గారు వెనక బెంచీలో కూర్చున్న రోజునే చేశాను. తప్పు చేసినందుకు నాకు కోపం లేదు. విడ్డూరమంతా తర్వాతి భాగంలో ఉంది: వారు నిజంగానే సరిచూశారు! కాగితం అంచున పెన్సిలుతో వేసిన లెక్క ఇంకా చెరగలేదు. 3/5 ను తీసుకుని, ప్రశ్నలో కాకుండా, తమ రెండో పంక్తిలో పెట్టారు. ఎడమవైపు −1 − 6/5, అంటే −11/5. కుడివైపు 9/5 − 4, అంటే −11/5. రెండూ సమానం, సరిచూచితిమి, శుభం. ఎలుకకు పిల్లి సాక్ష్యం అన్న సామెతను పెద్దలు ఈ రెండో పంక్తిని చూసే కట్టి ఉంటారు. ఏ పంక్తిలో తప్పు జరిగిందో ఆ పంక్తినే పిలిచి, నాయనా, తప్పేమైనా జరిగిందా అని అడిగితే అది ఏమని చెబుతుంది?

ప్రతిక్షేపించవలసింది ప్రశ్నలో, అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా. ఏ పదాన్నీ అటు నుంచి ఇటు జరపకుండా, రెండు వైపులనూ విడివిడిగా లెక్క కట్టి, చివరికి రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడాలి. 3/5 పెడితే ఎడమవైపు 5 + 24/5, అంటే 49/5 వస్తుంది. కుడివైపు −11/5. ఒకటి సింహాచలం కొండ మీద, మరొకటి హార్బరు నీటి అడుగున! మా మనవరాలి 3 పెడితే బ్రాకెట్టు సున్న అయిపోయి ఎడమవైపు 5 మిగులుతుంది, కుడివైపు 9 − 4, అదీ 5. ఈ పనికి నాకు పట్టినది ఒక్క నిమిషం కూడా లేదు, అందులో కళ్ళజోడు వెదికిన సమయం కూడా కలిసే ఉంది.

అంతేకాదు, తప్పు ఎక్కడుందో కూడా ఈ పద్ధతే పట్టిస్తుంది. సరైన జవాబు తెలిశాక దాన్ని వారి పంక్తుల్లో ఒక్కొక్కదానిలో పెట్టుకుంటూ కిందికి దిగాలి. మొదటి పంక్తిలో 3 పెడితే 5, 5. రెండో పంక్తిలో పెడితే ఎడమవైపు −7, కుడివైపు 5. ఎక్కడ సమానత్వం మొదటిసారి తెగిందో ఆ మెట్టు మీదే కాలు జారింది. కుడివైపు 5 మారలేదు గనుక జారింది ఎడమవైపే. ఇంతకంటే చవకైన డిటెక్టివు దొరకడు.

ఈ సంగతి విన్నవించడానికి నేను సెంటరుకు వెళ్ళాను. అక్కడ నాకంటే ముందే ముగ్గురు తండ్రులు ఉన్నారు. ఒక అబ్బాయి 5 లోంచి ముందుగా 2 తీసేసి 3(x − 3) అని రాసుకున్నాడట; రెండు వైపులా 3x కొట్టివేసి, −9 = −4 అని తేలి, ‘సాధన లేదు’ అని ముగించాడు. ఇలా ఒకే లెక్కకు మూడు జవాబులు సభలోకి వచ్చాయి. సెంటరు నడిపే ఆయన ఎంతో ఓర్పుతో, “ఏటి మాస్టారూ, ఇంతమంది పిల్లలకి కీ ప్రకారం 3/5 వచ్చింది కదా, మీ పాప ఒక్కదానికి వేరేగా వస్తే ఎలాగండీ?” అన్నారు. సమీకరణానికి ఎన్నికలు ఎప్పుడు జరిగాయో నాకు తెలియలేదు.

సరే, ఏడో లెక్కకు పోటీ చేసే ఓపిక లేక, కాగితం తిప్పి పన్నెండో లెక్క చూశాను. చూసిన క్షణం నుంచి నేను ఆ సెంటరుకు అభిమానిని.

తండ్రి వయస్సు కొడుకు వయస్సుకు 3 రెట్లు. 5 సంవత్సరాల క్రితం తండ్రి వయస్సు కొడుకు వయస్సుకు 4 రెట్లు. ప్రస్తుత వయస్సులు కనుగొనుము. ఇదీ ప్రశ్న. కొడుకును x అనుకుంటే 5 ఏళ్ళ కిందట వాడి వయస్సు x − 5. దానికి నాలుగు రెట్లు 4(x − 5). కీలో బ్రాకెట్టు లేదు.

```
3x − 5 = 4x − 5
```

జవాబు x = 0. కొడుకు వయస్సు 0 సంవత్సరాలు, తండ్రి వయస్సు 0 సంవత్సరాలు. ప్రతిక్షేపించగా −5 = −5. సరిచూచితిమి.

ఆ తండ్రీ కొడుకులను తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టడం లేదు. ఒకే రోజున, బహుశా ఒకే వార్డులో, పక్కపక్క ఉయ్యాలల్లో పుట్టి ఉంటారు. నర్సు వచ్చి, “అభినందనలండీ, మీకు అబ్బాయి పుట్టాడు” అని ఉయ్యాలలోని తండ్రికి చెప్పి ఉంటుంది. ఆయన బొటనవేలు నోట్లో పెట్టుకుని ఆ శుభవార్త విని ఉంటాడు. జనన ధృవీకరణ పత్రంలో తండ్రి సంతకం దగ్గర వేలిముద్ర కాదు, పాదం ముద్ర వేయించి ఉంటారు. ఇద్దరికీ ఒకే రోజు బారసాల, ఒకే ముహూర్తాన అన్నప్రాసన. అన్నప్రాసనలో ఎవరి ఒళ్ళో ఎవరిని కూర్చోబెట్టాలన్నది పురోహితుడికి వదిలేద్దాం. సాయంత్రం బీచ్ రోడ్డులో తల్లి ఇద్దరినీ చెరొక చంకన వేసుకుని నడుస్తుంటే, మూరీ మిక్చరు అమ్మే అతను “కవలలా అమ్మా?” అని అడుగుతాడు, ఆవిడ “కాదు బాబూ, ఒకరు మా ఆయన” అని చెబుతుంది. ఇక 5 సంవత్సరాల క్రితం వీరి వయస్సు ఒక్కొక్కరికి −5. అప్పటికి తండ్రి కొడుకుకు నాలుగు రెట్లు ఉండాలంటే ఆయన −20 కావాలి. పాపం, కొడుకుతో సమానంగా −5 దగ్గరే ఆగిపోయాడు. కథలోని మొదటి వాక్యానికి సున్నలు సరిపోయాయి, సున్నకు మూడు రెట్లు సున్నే గనుక. రెండో వాక్యం దగ్గర కుటుంబం కూలిపోయింది.

మాటల రూపంలో ఉన్న లెక్కను సరిచూడవలసింది సమీకరణంలో కాదని ఈ ఉయ్యాలలు చెబుతున్నాయి. సమీకరణం మనం రాసుకున్నది. అదే తప్పయితే దాని సాధన దానికి చక్కగా సరిపోతుంది, సరిపోయి తీరుతుంది. జవాబును తీసుకుపోయి ప్రశ్నలోని వాక్యాల్లో పెట్టాలి, ఒక్కొక్క వాక్యంలోనూ పెట్టాలి. కొడుకు 15, తండ్రి 45: 15 కు మూడు రెట్లు 45, సరే. 5 ఏళ్ళ కిందట 10, 40: నాలుగు రెట్లు, సరే. అప్పుడు రాసుకోండి మీ చూచితిమి.

పదహారో లెక్క 2(x + 3) − 6 = 2x. కీలో x = 4. దీన్ని ప్రశ్నలోనే ప్రతిక్షేపించి చూశాను. ఎడమవైపు 8, కుడివైపు 8. కీ నెగ్గింది! కానీ పక్కింటి పిల్లవాడు రాసిన 7 కూడా పెట్టి చూస్తే 14, 14 వచ్చింది. వాడికి సున్న మార్కులు. బ్రాకెట్టు విప్పితే రెండు వైపులా 2x మిగిలే ఈ లెక్కకు ఏ సంఖ్య పెట్టినా జవాబే. ప్రతిక్షేపణ ఒక సంఖ్య ఒప్పని చెప్పగలదు గానీ, మరొకటి తప్పని చెప్పలేదు. అది తెలియాలంటే సాధించాలి, లేదా పిల్లవాడి జవాబును కూడా అదే మర్యాదతో ప్రశ్నలో పెట్టి చూడాలి. ఆ మర్యాద ఎవరికీ అక్కరలేకపోయింది. కీలో 4 ఉంది, కాగితంలో 7 ఉంది, 7 అంటే 4 కాదు, గీత కొట్టు.

ఇక్కడి దాకా నవ్వుతూనే రాశాను. ఇక నా వల్ల కాదు. ఇంటికి వచ్చేసరికి మా మనవరాలు నోటుపుస్తకం ముందు కూర్చుని, తన 3 ను రబ్బరుతో చెరిపేస్తోంది. కాగితం పలచబడి చిరిగేలా రుద్దుతోంది. “సరైనదాన్ని ఎందుకమ్మా చెరుపుతున్నావు?” అన్నాను. “తాతయ్యా, నేను ప్రశ్నలో పెట్టి చూసుకున్నాను, 5, 5 వచ్చింది. అయినా కీలో అలా లేదుగా” అంది. పన్నెండేళ్ళ పిల్ల, ఎవరూ చెప్పకుండా, ప్రశ్నలో ప్రతిక్షేపించి, రెండు వైపులూ విడిగా కట్టి, సరైనదని తేల్చుకుని, ఆ తర్వాత దాన్ని చెరిపేసింది! ఇరవై లెక్కలకు కలిపి అరగంట పట్టే పనిని ఎగ్గొట్టి, నెలనెలా ఫీజు పుచ్చుకుని, ఆ పిల్ల చేతికి రబ్బరు ఇచ్చిన మీకు సిగ్గు లేదా? మీరు చేయవలసిన పనిని అది చేసింది. మీరు దాన్ని తప్పు అని దిద్దారు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి అరిచాను, రక్తపోటు మాత్ర వేసుకునే వెళ్ళాను. ఆయన నొచ్చుకుని, తప్పకుండా చూస్తామని, సవరించిన కీ ఇస్తామని చెప్పారు. మాట నిలబెట్టుకున్నారు. రెండు రోజులకు కొత్త కాగితం వచ్చింది. ఏడో లెక్కకు 3 అని ఉంది. పదహారో దానికి ‘అన్ని విలువలూ’ అని ఉంది. పన్నెండో లెక్కలో బ్రాకెట్టు పెట్టారు, x = 15 అని తేల్చారు, ప్రతిక్షేపించి 40 = 40 అని కూడా చూపించారు. దాని కింద, రెండు గీతల మధ్య, జవాబు: తండ్రి వయస్సు 15 సంవత్సరాలు, కొడుకు వయస్సు 45 సంవత్సరాలు. సరిచూచితిమి.