అట్ట మీది బహుమతి ఏ కథది?

రెండేళ్ల కిందట పుస్తక ప్రదర్శనలో ఒక కథల సంపుటి కొన్నాను. 176 పేజీలు, 14 కథలు, వెల 200 రూపాయలు. అట్ట మీద ఎర్ర పట్టీలో ‘బహుమతి పొందిన కథలు’ అని ఉంది. స్టాల్ దగ్గర నిలబడే మొదటి కథలో మూడు పేజీలు చదివాను. చెరువుకు గండి పడిన రాత్రి తూము దగ్గర ఒంటరిగా కాపలా ఉన్న ముసలాయన కథ అది. బస్సులో మిగతాది చదివితే ఇంకా బాగుంది. రెండో కథ నుంచి మాత్రం అది వేరే పుస్తకంలా అయిపోయింది. ఎవరు మాట్లాడినా ఉపన్యాసమే. పొలం అమ్ముకున్న ఆడమనిషీ, ఆమెకు అప్పిచ్చిన బ్యాంకు మేనేజరూ ఒకే రకం వాక్యాల్లో మాట్లాడుతున్నారు. ఏడో కథ దగ్గర ఆపేసి, ఎక్కడ తప్పు జరిగిందా అని పుస్తకం చివరి పేజీ తీశాను.

మన కథల పుస్తకాల్లో చాలావాటికి చివర్లో గానీ, కథ కింద గానీ ఏ కథ ముందు ఎక్కడ అచ్చయిందో రాసి ఉంటుంది. ఈ పుస్తకంలో మొదటి కథకు ఒక వారపత్రిక పోటీలో రెండో బహుమతి వచ్చింది. మరో రెండు కథలు అలాంటి పోటీలకే వెళ్లి సాధారణ ప్రచురణకు ఎంపికయ్యాయి. మిగిలిన 11 కథల పక్కన ఏ పత్రిక పేరూ లేదు. అట్ట మీద ఉన్నది పూర్తి అబద్ధమని అనలేను. పత్రిక న్యాయనిర్ణేతలు ఆ ఒక్క కథ చదివి మెచ్చుకున్నారు, స్టాల్ దగ్గర నేనూ ఆ ఒక్కదాన్నే చదివి మెచ్చుకున్నాను. ఒక కథ గురించి తెలిసినదాన్ని 14 కథలకూ అంటగట్టుకుని డబ్బు ఇచ్చాను.

అప్పటి నుంచి పుస్తకం కొనేముందు నేను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. ఈ మంచి మాట అన్నవాళ్లు ఏం చదివి అన్నారు? మొత్తం పుస్తకమా, ఒక కథా, రచయిత పాత పుస్తకమా, లేక ముందుమాట మాత్రమేనా?

ముందుగా శాంపిల్ సంగతి. ఆన్‌లైన్‌లో ఈ-బుక్‌కి ఉచితంగా చూపించేది సాధారణంగా మొదటి పది శాతం దగ్గర ఉంటుంది. ఇంగ్లిష్ నవలకి ఆ కొలత ఫర్వాలేదు, మొదటి అధ్యాయం ఎలాగోలా దొరుకుతుంది. తెలుగు కథల పుస్తకానికి లెక్క వేరు. నా పుస్తకాన్నే తీసుకుంటే 176 పేజీల్లో పదో వంతు 17 పేజీలు. లోపలి అట్ట, ముద్రణ వివరాలు, అంకితం, విషయసూచిక కలిసి నాలుగు పేజీలు. ఒక పెద్దాయన ముందుమాట ఐదు పేజీలు, ఇంకొకరిది నాలుగు, రచయిత ‘నా మాట’ మూడు. మొత్తం 16. అసలు కథ ఒక్క పేజీ కనిపించేసరికి శాంపిల్ అయిపోతుంది. మనం చదివింది రచయిత వచనం కాదు, ఆయన గురించి ఆయన మిత్రులు రాసింది.

అలాగని ఆ 16 పేజీలు వృథా కావు. ముద్రణ వివరాల పేజీలో చాలామంది ప్రచురణకర్తలు ‘ప్రతులు: 500’ అనో ‘1000’ అనో వేస్తారు. ‘మూడో ముద్రణ’ అన్న మాటకి విలువ కట్టాలంటే ఆ అంకె పక్కన పెట్టి చూడాలి. 300 కాపీల చొప్పున మూడుసార్లు వేస్తే మొత్తం 900, వెయ్యి చొప్పున ఒక్కసారి వేసినదానికంటే తక్కువే. ముందుమాటలో నేను పొగడ్తలు వదిలేసి, 14 కథల్లో ఎన్నింటి గురించి పేరు పెట్టి మాట్లాడారో లెక్కపెడతాను. రెండింటి దగ్గరే ఆగిపోయి మిగతా స్థలమంతా సమాజ పరిస్థితుల మీదికి వెళ్లిపోయిందంటే, ఆ పెద్దాయనకి చెప్పడానికి అంతకంటే దొరకలేదని అనుమానించవచ్చు. పైగా ముందుమాట రాసేవాళ్లకి మొహమాటం ఉంటుంది. అభ్యంతరాన్ని సూటిగా అనరు, ‘రాబోయే కథల్లో శిల్పం మీద ఇంకొంచెం శ్రద్ధ పెడతారని ఆశిస్తున్నాను’ అని చివరి పేరాలో పెడతారు. నా పుస్తకంలో ఆ వాక్యం అక్షరాలా ఉంది. కొనే ముందు దాన్ని మర్యాద వాక్యంలా దాటేశాను.

కథల పుస్తకానికి మంచి శాంపిల్ చాలాసార్లు దుకాణం బయటే ఉంటుంది. తెలుగులో కథలు ముందు పత్రికల్లో వచ్చి తర్వాత పుస్తకాలవుతాయి. ఈమాట వెబ్ పత్రిక 1998 నుంచి వస్తోంది, దాని పాత సంచికలు ఇప్పటికీ ఉచితంగా చదువుకోవచ్చు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో మొదలుపెట్టిన కథానిలయం తెలుగు కథల్ని పోగుచేసి భద్రపరుస్తోంది, దాని వెబ్‌సైట్‌లో రచయిత పేరుతో వెతికితే ఏ కథ ఎక్కడ అచ్చయిందో చాలావాటికి దొరుకుతుంది. విషయసూచిక శాంపిల్‌లో కనిపిస్తుంది కాబట్టి అందులోంచి రెండు పేర్లు, మొదటిదీ చివరిదీ కాకుండా, తీసుకుని వెతకండి. మొదటి కథ అన్నిటికంటే మంచిదని రచయితే అక్కడ పెట్టుకుంటారు. అందులో తప్పేమీ లేదు, ఎవరైనా అదే చేస్తారు. అందుకే కొనేవాళ్లు ఆరో కథో తొమ్మిదో కథో చదవాలి. స్టాల్ దగ్గరైతే ఇది రెండు నిమిషాల పని. మధ్యలో ఒక కథ తీసి, ఇద్దరు మాట్లాడుకునే చోటు వెతికి, పేర్లు మూసేసి చదివితే ఎవరి మాట ఏదో తెలుస్తుందా అని చూస్తాను. నేను ఆ రోజు ఈ పని చేసి ఉంటే బ్యాంకు మేనేజరు దగ్గరే దొరికిపోయేది.

అయితే శాంపిల్‌తో తేలని విషయం ఒకటుంది. వాక్యం ఎలా ఉందో ఒక పేజీ చెబుతుంది గానీ, ముగింపు నిలబడుతుందో లేదో చెప్పదు. నవలకైతే మధ్యలో చప్పబడుతుందేమో కూడా చెప్పదు. అక్కడ సమీక్షల అవసరం వస్తుంది.

ఆదివారం పేజీల్లో వచ్చేవాటిలో చాలావాటిని సమీక్ష అనడం కంటే పరిచయం అనడం సరైనది. పత్రికకి వచ్చిన పుస్తకాలు ఎక్కువ, స్థలం తక్కువ. 150 పదాల్లో పుస్తకం మంచిచెడ్డలు తేల్చడం ఎవరివల్లా కాదు. వాటిని కొత్త పుస్తకం వచ్చిందన్న కబురుగా తీసుకుంటే చాలు. పెద్ద సమీక్షల్లో మాత్రం, రాసినాయన పుస్తకం మొత్తం చదివాడా లేదా అన్నది పట్టుకోవచ్చు. ఉదాహరించిన వాక్యాలన్నీ మొదటి కథలోవో, ముందుమాటలోవో అయితే చదవలేదనే నా అనుమానం. ఆవిష్కరణ సభలో మాట్లాడినాయనే సమీక్ష కూడా రాశాడేమో చూసుకోవాలి, అది సభలో ప్రసంగానికి కొనసాగింపు అయ్యే అవకాశం ఎక్కువ. ఇక నాకు బాగా పనికొచ్చే సమీక్ష ఏదంటే, నచ్చని చోటు చూపించి ఎందుకు నచ్చలేదో చెప్పేది. ‘ఎనిమిదో కథలో కూతురు తిరిగి రావడం కాకతాళీయంగా ఉంది’ అని ఒకరు రాస్తే, అలాంటి ముగింపు నాకు ఇబ్బందో కాదో నేను తేల్చుకోగలను. ‘గుండెను తడి చేసే కథలు’ అంటే తేల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఆన్‌లైన్ దుకాణాల్లో నక్షత్రాల విషయంలో ఒక చిక్కుంది, అనువాదాలు కొనేవాళ్లు ముఖ్యంగా గమనించాలి. అమెజాన్ లాంటి చోట్ల ఒకే పుస్తకం వేర్వేరు ముద్రణల రేటింగులు ఒకచోట కలిసిపోయి కనిపించడం ఉంది. పేరున్న ఇంగ్లిష్ పుస్తకం తెలుగు అనువాదం పేజీలో వేల రేటింగులు, నాలుగున్నర నక్షత్రాలు కనిపించాయంటే, వాటిలో ఎక్కువభాగం ఇంగ్లిష్ పుస్తకం చదివినవాళ్లవి అయి ఉండవచ్చు. పేజీలో కిందికి వెళ్లి అనువాదం గురించి ఎవరైనా ఒక్క ముక్క రాశారా అని చూడాలి. ‘తెలుగు చదువుతుంటే ఇంగ్లిష్‌లోకి మార్చుకుంటే గానీ అర్థం కావట్లేదు’ అని ముగ్గురు రాసి ఉంటే, పైనున్న వేల నక్షత్రాల కంటే ఆ మూడు వాక్యాలే మీరు కొనబోయే పుస్తకం గురించి చెబుతున్నాయి. అట్ట చిరిగి వచ్చిందని ఒక నక్షత్రం ఇచ్చినవాళ్ల మాటకీ, లోపలి రాతకీ సంబంధం లేదు.

అవార్డుల విషయంలోనూ అదే ప్రశ్న. ‘కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు గ్రహీత’ అని అట్ట మీద ఉంటే అది రచయిత గురించిన నిజం, మీ చేతిలో పుస్తకం గురించిన నిజం కాకపోవచ్చు. అకాడమీ ప్రధాన పురస్కారం ఏటా 24 భాషల్లో, ఒక్కో భాషకి ఒక్కో పుస్తకానికి ఇస్తారు. కవిత్వం, కథ, నవల, విమర్శ అన్నీ అదే వరుసలో నిలబడతాయి. తెలుగులో 2021లో గోరటి వెంకన్న కవితా సంపుటి ‘వల్లంకి తాళం’కి, 2022లో మధురాంతకం నరేంద్ర నవల ‘మనోధర్మపరాగం’కి, 2023లో తల్లావజ్ఝల పతంజలి శాస్త్రి కథల సంపుటి ‘రామేశ్వరం కాకులు’కి వచ్చింది. వీళ్లలో ఎవరిదైనా వేరే పుస్తకం మీద ‘అవార్డు గ్రహీత’ అని ఉంటే, న్యాయనిర్ణేతలు ఆ పుస్తకాన్ని బహుమతి కోసం చూసినట్టు కాదు. నోబెల్ సంగతి ఇంకా వేరు, అది సాధారణంగా రచయిత మొత్తం కృషికి ఇచ్చేది. 2025లో అంతర్జాతీయ బుకర్ వచ్చిన బాను ముష్తాక్ ‘హార్ట్ ల్యాంప్’, ఆమె కన్నడ కథల్లోంచి దీపా భస్తి ఎంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చిన 12 కథల పుస్తకం. బహుమతి సొమ్ము ఇద్దరికీ సమానంగా వెళ్లింది. ఆమె కథలు మరో భాషలో, మరొకరి అనువాదంలో కొనేటప్పుడు ఆ బహుమతి సగమే వర్తిస్తుందని గుర్తుంచుకోవాలి.

నేను ఎక్కువ నమ్మే అవార్డు, సంబంధంలేని రెండు కమిటీలు ఒకే పుస్తకాన్ని ఎంచుకున్నది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ నవల తానా 2017లో పెట్టిన నవలల పోటీలో గెలిచింది, 2019లో అకాడమీ పురస్కారం కూడా దానికే వచ్చింది. రెండు సందర్భాల్లోనూ వాళ్లు చదివింది మనం కొనబోయే నవలనే. అది మనకి నచ్చుతుందన్న హామీ అయితే కాదు. రాయలసీమ చరిత్ర మీద ఆసక్తి లేనివాళ్లకి అది భారంగా అనిపించవచ్చు.

కిందటి నెల మరో కథల పుస్తకం విషయంలో ఈ పనులన్నీ చేశాను. శాంపిల్‌లో విషయసూచిక చూసి రెండు పేర్లు రాసుకున్నాను. ఒకటి వెబ్ పత్రికలో దొరికింది, చదివితే నచ్చింది. రెండోది దొరకలేదు. ముందుమాట 12 కథల్లో ఎనిమిదింటి గురించి పేరు పెట్టి మాట్లాడింది. ఒకే ఒక్క సమీక్ష కనిపించింది, అందులో రెండు కథల ముగింపులు హడావిడిగా ఉన్నాయని రాశారు. అట్ట మీద అవార్డు ఏదీ లేదు. మొత్తం అరగంట పట్టింది. పుస్తకం తెప్పించుకున్నాను. ఆ రెండు ముగింపులూ నిజంగానే హడావిడిగా ఉన్నాయి. మిగతా పది కథలు పూర్తి చేశాను, వాటిలో దొరకని ఆ రెండోదాన్ని ఇప్పటికి మూడుసార్లు చదివాను.