పరాయి అమ్మానాన్నల దీవెనలు

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజను చూడమన్నారు, టైర్లు చూడమన్నారు, ఆర్సీలో పేరు చూడమన్నారు. అన్నీ చూశాను. డిక్కీ మీద ఎవరి తల్లిదండ్రులు దీవిస్తున్నారో చూసుకోమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

2015 మోడల్ ఎర్ర కారు. వెనక పసుపు పచ్చని స్టిక్కర్ అక్షరాలు: 'అమ్మానాన్నల దీవెనలతో'. చివర మందపాటి ఉబ్బెత్తు గుండె గుర్తు. పాత ఓనరు బుద్ధిమంతుడని సంతోషించాను. కానీ కారు ఇంటికి రాగానే మా అమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ దగ్గర ఆగి, "ఎవరి అమ్మానాన్నలురా వీళ్లు?" అంది. సమాధానం చెప్పలేకపోయాను. డబ్బు పెట్టింది మేము, దీవించింది ఇంకెవరో. ఈ అన్యాయాన్ని ఆ ఆదివారమే సరిదిద్దాలని కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ముందుగా నిపుణుల అభిప్రాయం తీసుకున్నాం. మా ఇంట్లో నిపుణుడంటే మా బావమరిదే. "బ్లేడు పెట్టు బావా, రెండు నిమిషాలు. మిగిలిన జిగురుకి థిన్నర్ కొట్టు, అయిపోయింది" అన్నాడు. అయిపోయేది పెయింటన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు. కారు పెయింటు పైన ఉండే క్లియర్ కోట్ మందం మన తలవెంట్రుక మందం కంటే తక్కువ. దాని మీద బ్లేడు గీస్తే అక్షరం పోతుంది, కానీ ఆ అక్షరం ఆకారంలోనే గీత పడుతుంది. థిన్నర్ ఇంకా ఘనమైనది. కంపెనీలో వేసిన పెయింటు ఓవెన్‌లో బాగా కాలి గట్టిపడి ఉంటుంది కాబట్టి కాసేపైనా తట్టుకోవచ్చు. మధ్యలో ఎప్పుడో సొట్ట తీయించి మళ్లీ పెయింటు వేయించిన చోట తగిలితే మెత్తబడి, జిగురుతోపాటు రంగు కూడా గుడ్డకు వచ్చేస్తుంది.

అందుకే ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి డిక్కీ అంతా తడిమాను. ఒకచోట పట్టు సడలిందంటే కింద లప్పం ఉన్నట్టే. ఆ చోట వేడి పెడితే స్టిక్కర్‌తో పాటు పెయింటు కూడా లేచి రావచ్చు. మాకు అదృష్టవశాత్తూ అంతటా గట్టిగానే అంటుకుంది. దీవెనల కింద లప్పం లేదని ప్రకటించాను. అమ్మ ఆనందించలేదు.

తర్వాత సబ్బు నీళ్లతో కడిగాం. ఇది శుచి కోసం కాదు. అక్షరాల అంచున చేరిన ఇసుక రేణువు మన వేలి కింద పడితే గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఆ పైన కారును నీడకు తెచ్చాం. విజయవాడ ఏప్రిల్‌లో ఎండ ఉండగా హెయిర్ డ్రయ్యర్ ఎందుకని బావమరిది అడిగాడు. ప్రశ్న సబబే. కానీ ఎండ అక్షరాన్ని ఒక్కదాన్నే చూసి కాల్చదు, డిక్కీ మొత్తాన్ని పెనం చేస్తుంది. మన చేయి నిలవదు, పూసిన ద్రావకం పూసినట్టే ఆరిపోతుంది.

వేడి ఎంత కావాలన్నదే అసలు విద్య. హెయిర్ డ్రయ్యర్‌ని జానెడు దూరం నుంచి, ఒకేచోట ఆపకుండా, అర నిమిషం పైగా తిప్పాలి. రేకు మీద చేయి వేస్తే వేడిగా ఉండాలి, కానీ నాలుగైదు సెకన్లు ఉంచగలగాలి. ఉంచలేకపోతే ఎక్కువైనట్టు. అక్షరం అంచు గోటికి లేస్తుంది. దాన్ని పైకి లాగకూడదు, వెనక్కి మడిచి, తన మీదకే తాను వాలేటట్టు, ఓపిగ్గా లాగాలి. గట్టిగా లాగితే పైపొర చేతికొస్తుంది, జిగురు కారుకే ఉంటుంది.

కొత్త స్టిక్కర్ అయితే ఇలా చెప్పినట్టు వినేది. తొమ్మిదేళ్ల ఎండ తిన్నది వినదు. స్టిక్కర్‌లోని వినైల్ ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఏళ్ల మీద బయటికి పోయి, అది అప్పడంలా పెళుసెక్కుతుంది. 'అ' మూడు ముక్కలైంది. 'మ్మా' దగ్గర తెలుగు భాష గొప్పదనం అర్థమైంది. ఒత్తు విడిగా అతికించారు! ఇంగ్లీషు వాళ్ల కార్లకు ఈ బాధ లేదు. 'న్న' ఒత్తు పీకడానికి పట్టిన టైములో వాళ్లు వంశవృక్షం మొత్తం పీకేసుకోగలరు. ముక్కలయ్యే కొద్దీ వేడి పెంచాలనిపిస్తుంది. పెంచకూడదు. అదే వేడి మళ్లీ పెట్టి, పనికిరాని ప్లాస్టిక్ కార్డు అంచుతో నెట్టుకుంటూ పోవాలి. పది అక్షరాలకు గంటన్నర పట్టింది.

మిగిలింది గుండె. దీనికి గేలం నైలాన్ దారం కావాలి. పల్చటి అక్షరాల కింద దారం దూరదు, దూర్చాలని చూస్తే పైనుంచి జారిపోతుంది. గుండె కింద మాత్రం స్పాంజిలాంటి టేపు ఉంటుంది, దారం దాన్ని కోస్తుంది. మూరెడు దారం తీసుకుని, రెండు కొసలూ రెండు పుల్లలకు చుట్టాం, లేకపోతే వేళ్లు తెగుతాయి. గుండెని వేడి చేసి, దారాన్ని కారు రేకుకు ఆనించి, పై నుంచి కిందికి రంపంలా అటూ ఇటూ లాగాలి. ఒక కొస నేను, ఒక కొస బావమరిది. దారం తెగింది రెండుసార్లు, మేము పోట్లాడుకుంది నాలుగుసార్లు. చివరికి ఒకరి గుండె ఊడి చేతికొచ్చింది. టేపు సగం డిక్కీకే ఉండిపోయింది.

ఇక జిగురు. బజారులో స్టిక్కర్ జిగురు తీసే ద్రావకాలు దొరుకుతాయి. మా ఇంట్లో నీలగిరి తైలం దొరికింది. అదీ పనిచేస్తుంది, కానీ ముందు పెట్రోల్ మూత లోపలి పెయింటు మీద చుక్క వేసి, రంగు గుడ్డకు అంటడం లేదని చూసుకోవాలి. డ్రయ్యర్ ప్లగ్గు తీసి, రేకు చల్లబడ్డాకే సీసా మూత తీయాలి, ఇవన్నీ అంటుకునే సరుకులు. గుడ్డకు తైలం అద్ది, జిగురు మీద రెండు మూడు నిమిషాలు ఆనించి, ఆరకముందే తుడవాలి. ఆరనిస్తే మెత్తబడ్డ జిగురు మళ్లీ అతుక్కుపోతుంది. నాలుగు విడతలకు పోయింది. జిడ్డు పోవడానికి మళ్లీ సబ్బు నీళ్లు. కారుకు జలుబు చేసిందా అని పక్కింటి పిన్నిగారు వాకబు చేశారు.

విజయగర్వంతో అమ్మను పిలిచాను. సాయంత్రపు ఎండ వాలుగా పడుతోంది. అమ్మ తల కాస్త వంచి, "అమ్మానాన్నల దీవెనలతో" అని స్పష్టంగా చదివింది.

అక్షరాలు లేవు, వాటి జాడ ఉంది. తొమ్మిదేళ్లు కారంతా ఎండకు వెలిసిపోతే, స్టిక్కర్ కింద దాగిన పెయింటు మాత్రం కొత్తగానే ఉండిపోయింది. మచ్చ ఆ అక్షరాలది కాదు, మిగతా కారుది! చుట్టూ పాలిష్ కాంపౌండ్ రుద్దాను. వెలిసిన పైపొర కొంత పోయి తేడా తగ్గింది. ఇంకా రుద్దితే క్లియర్ కోటే పోతుందని ఆపేశాను. మధ్యాహ్నం కనబడదు, పొద్దునా సాయంత్రం మాత్రం దీవిస్తూనే ఉంటారు.

మర్నాడు స్టిక్కరింగ్ కొట్టుకి వెళ్లాను. అమ్మ కూడా వచ్చింది. కుర్రాడు డిక్కీని వేలితో తడిమి, "అదే మ్యాటర్ వేయించుకోండి సార్. అక్షరాల అచ్చు కనబడుతూనే ఉంది, గీత కూడా గీయక్కర్లేదు" అన్నాడు.

"వెయ్యి నాయనా" అంది అమ్మ. "ఈసారి మావి."