చెక్కు ఎవరి పేరు మీద?

చమురు ఉన్న చోట ప్రజాస్వామ్యం ఎందుకు నిలవదు? ఈ ప్రశ్న మీద పండితులు దశాబ్దాలుగా తగువు పడుతున్నారు. రాయచోటి నుంచి కువైట్ వెళ్లి, పద్నాలుగేళ్లు ఒక ఇంట్లో డ్రైవరుగా చేసొచ్చిన మా పెదనాన్న కొడుకు మాత్రం టీ చల్లారేలోపు తేల్చేశాడు. "జీతం మీద పన్ను లేదు, ఆస్పత్రి ఉచితం. ఇంక గవర్నమెంటుతో వాళ్లకు పేచీ ఎందుకుంటుందిరా?"

అన్న చదివింది తొమ్మిదో తరగతి కాబట్టి ఈ మాటకు విలువ లేదు. 2001లో అమెరికన్ ప్రొఫెసర్ మైఖేల్ రాస్ 113 దేశాల లెక్కలు కట్టి ఇంచుమించు ఇదే చెప్పాడు, అప్పుడు సిద్ధాంతమైంది. పన్ను కట్టేవాడు లెక్క అడుగుతాడు. పాలకుడికి డబ్బు భూమిలోంచి వస్తుంటే పన్నుతో పనిలేదు, లెక్క చెప్పే బాధా లేదు. మిగిలిన డబ్బుతో కొంత ప్రజలకు పంచొచ్చు, కొంత పోలీసులకు పెట్టొచ్చు.

కువైట్ పాత కథ చూస్తే రాస్ చెప్పింది నిజమే అనిపిస్తుంది. చమురుకు ముందు అక్కడి షేక్ గారి ఇల్లు గడిచేది ముత్యాల వర్తకుల దయ మీద. సుంకం కట్టేదీ వాళ్లే, అవసరానికి అప్పిచ్చేదీ వాళ్లే. 1910 ప్రాంతంలో పన్నులు మరీ ఎక్కువయ్యాయని పెద్ద వర్తకులు కొందరు పడవలెక్కి బహ్రెయిన్ వెళ్లిపోయారు. అంతటి షేక్ ముబారక్ కూడా బతిమాలి వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. అసెంబ్లీ లేదు, రాజ్యాంగం లేదు, కానీ పడవ ఉంది. పడవ ఉన్నవాడి మాట రాజు వినక తప్పదు.

తర్వాత జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి ఆ వ్యాపారం మునిగింది. 1934లో చమురు కంపెనీతో ఒప్పందం మీద సంతకమైంది, డబ్బు షేక్ గారి చేతికే రావడం మొదలైంది. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్‌లో చమురు పడింది. అదే ఏడాది వేసవిలో 150 కుటుంబాల పెద్దలు కలిసి 14 మందితో మజ్లిస్ అనే సభను ఎన్నుకున్నారు. మజ్లిస్ పన్నులు తగ్గించింది, బడి తెరిచింది. అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ పళ్లు బిగబట్టి ఓర్చుకున్నారు. అంతటితో ఆగక, ఈసారి వచ్చే చమురు చెక్కు మాకివ్వండి అని అడిగింది. డిసెంబరులో మజ్లిస్ రద్దయింది. దాని ఆయుష్షు ఆరు నెలలు.

కాబట్టి దోషి చమురే, కేసు మూసేయండి అనబోతే, 2011లో హేబర్, మెనాల్డో అనే ఇద్దరు పరిశోధకులు లేచి అభ్యంతరం చెప్పారు. దేశాన్ని పక్క దేశంతో కాదు, దాని గతంతోనే పోల్చాలట. 1800 నుంచి లెక్క తీస్తే, చమురు వల్ల నియంతృత్వం పెరిగిన జాడ లేదట. చమురుకు ముందు మాత్రం అక్కడ ప్రజాస్వామ్యం వర్ధిల్లిందా అని వాళ్ల అడ్డుప్రశ్న. దానికి రాస్ వైపు జవాబు: 1970లలో ప్రభుత్వాలు చమురు కంపెనీలను జాతీయం చేశాకే అసలు సొమ్ము పాలకుల చేతికొచ్చింది, అప్పటినుంచి చూడండి అని.

ఈ గొడవలో కువైట్ ఏ పక్షానికీ పూర్తిగా లొంగని సాక్షి. 1938 మజ్లిస్ అధ్యక్షుడు అబ్దుల్లా అల్ సాలిమ్ తర్వాత తానే అమీర్ అయ్యాడు. చమురు డబ్బు పొంగుతున్న కాలంలోనే, 1962లో రాజ్యాంగం ఇచ్చాడు, పార్లమెంటు పెట్టాడు. ఆ పార్లమెంటు 2006లో ఏకంగా జబ్బుపడిన అమీర్‌నే ఓటేసి దింపింది! గల్ఫ్‌లో అంత నోరున్న సభ ఇంకోటి ఉండేది కాదు.

నోరుంది సరే, అడిగిందేమిటి? ప్రజలు బ్యాంకుల్లో తీసుకున్న అప్పులు ప్రభుత్వం తీర్చాలని. 2023 జనవరిలో ఆ పేచీ ముదిరి ప్రభుత్వం రాజీనామా చేసింది. ఇతర దేశాల్లో జనం మా డబ్బేం చేశారని అడుగుతారు, ఇక్కడ మా వాటా ఏదని అడుగుతారు. 2011లో ఒక్కో పౌరుడికి వెయ్యి దినార్లు, ఏడాదికి పైగా ఉచిత రేషన్ ఇచ్చినప్పుడు అన్న అక్కడే ఉన్నాడు. బియ్యం బస్తాలు కారులోంచి దింపింది తనేనని ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. 2024 మేలో అమీర్ పార్లమెంటును నాలుగేళ్ల దాకా పక్కన పెట్టేశారు.

"ఇంతకీ నువ్వేమైనా కట్టేవాడివా అన్నా?" అని అడిగాను.

"ఎందుకు కట్టను? అక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, అదే అకామా, దాని రెన్యువల్‌కి ఏటా డబ్బు, ఇన్సూరెన్సుకు డబ్బు. మావాళ్లందరూ కట్టాల్సిందే."

కట్టినవాడికే లెక్క అడిగే హక్కని కదా రాస్ అన్నది. ఆ దేశ జనాభాలో సగానికి పైగా పరాయి దేశస్థులే, అందరూ ఫీజులు కట్టేవాళ్లే. సిద్ధాంతం ప్రకారం మా అన్నకు కనీసం ఒక ఓటైనా రావాలి. ఆ మాటే చెప్పాను. అన్న నన్నొకసారి ఎగాదిగా చూసి, నన్ను పనిలో పెట్టుకున్న మా కఫీల్‌తో అనకు, ఆ నెల జీతం ఆపేస్తాడు అన్నాడు.