ఎందాకా బాబూ?

మా అత్తగారు బయల్దేరుతుంటే ఎవరైనా "ఎక్కడికి?" అన్నారో, ఆ ప్రయాణం కాసేపు ఆగినట్టే. చెప్పులు విప్పి, వెనక్కొచ్చి కూర్చుని, రెండు గుక్కలు మంచినీళ్లు తాగి మళ్లీ లేస్తారు. అడగదలిస్తే "ఎందాకా?" అనాలి, లేకపోతే "దూరమా?" అనాలి. ఎలా అడిగినా ఆవిడ జవాబు మాత్రం ఒకటే: "ఇక్కడిదాకే." ఆ "ఇక్కడ" వీధి చివరి కిరాణా కొట్టు కావచ్చు, విజయవాడ కావచ్చు. అడిగినవాళ్లు నమ్మరు, ఆవిడా నమ్మించబోరు. ఇద్దరికీ తృప్తే.

ఆవిడ కడుపున పుట్టిన మా ఆయనకి మాత్రం ఆ ప్రశ్న వింటే చిర్రెత్తుకొస్తుంది. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. మా అపార్ట్‌మెంట్ గేటు పక్కన సిమెంటు బెంచీ మీద, నెల్లూరు నుంచి కొడుకు దగ్గరికొచ్చి స్థిరపడిన బాబాయిగారొకరు పొద్దున్నే పేపరు పట్టుకుని కూర్చుంటారు. వచ్చేపోయేవాళ్లని పలకరించకపోతే ఆయనకి కాఫీ అరగదు. హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి "ఆఫీసుకా?" అంటారు. తడి తలతో, చేతిలో కొబ్బరికాయతో వెళ్లేవాళ్లని "గుడికా?" అంటారు. జవాబు ఆయనే చెప్పేశాక మనం చేయాల్సింది తలూపడమే. మా ఆయనకి అది కూడా బరువే. "నేనెక్కడికి వెళ్తే ఆయనకెందుకు? ప్రైవసీ అనేది లేదా?" అని లిఫ్టులోనే మొదలుపెడతారు.

ఒకసారి వినిపించుకోనట్టు వెళ్లిపోయారు. సాయంత్రం బాబాయిగారు నన్నాపి, "అబ్బాయికి ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడిగారు. ఇంకోసారి "ఎందుకండీ?" అని ఎదురడిగారు. పాపం, పెద్దాయన పేపరు పైకెత్తి ముఖం దాచుకున్నారు. ఆ వారమంతా నేను గేటు దాటాలంటే నాకే మొహం చెల్లలేదు.

షుగర్ టెస్టుకని బయల్దేరిన రోజు మా ఆయన కొత్త వ్యూహం పన్నారు. ఉన్నదంతా చెప్పేస్తే ఇంక అడగడానికేమీ మిగలదట. పరగడుపున చేసే ఆ టెస్టుకి కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు కదా. బాబాయిగారు "ఏం బాబూ, ఎందాకా?" అన్నారో లేదో, ఈయన నిలబడి ల్యాబ్ ఏ రోడ్డులో ఉందో, రాత్రి ఎన్నింటికి తిన్నారో, డాక్టరు ఎందుకు రాశారో పూసగుచ్చినట్టు చెప్పారు. బాబాయిగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. నన్నడిగితే అక్కడే జాగ్రత్తపడాలి. పలకరింపుకైతే పేపరు మడవరు. మడిచారంటే వినడానికి సిద్ధపడ్డట్టు. ఇక కాకరకాయ రసం, మెంతులు, వాళ్ల తోడల్లుడి కాలి పుండు... అన్నీ అయ్యేసరికి చాలాసేపు పట్టింది.

ఈలోగా కింది ఇంటి కన్నడ ఆంటీ ముగ్గు వేయడానికి బయటికొచ్చి "తిండి ఆయ్తా?" అన్నారు. బెంగళూరులో పొద్దుటిపూట ఇది నమస్కారం లాంటిది. టిఫినయిందా అని అడుగుతున్నట్టే ఉంటుంది గానీ, తిన్నా తినకపోయినా "ఆయ్తు, నిమ్దు?" అనేసి, మీదయిందా అని బంతి అటు తోసి సాగిపోవాలి. మా ఆయన సత్యహరిశ్చంద్రుడి ఆవేశంలో ఉన్నారు కదా, "ఇల్లా" అన్నారు. లేదని చెప్పాక ఆ ఇల్లాలు ఊరుకుంటుందా? లోపలికి పిలిచి, నెయ్యి వేసిన రెండు తట్టె ఇడ్లీలు, పైన చట్నీ పోసి చేతిలో పెట్టింది. ఫాస్టింగ్ అన్న ముక్క ఈయన నోట్లోంచి వచ్చేటప్పటికి మొదటి ఇడ్లీ సగమయిందట. మొహమాటానికి రెండోదీ తిన్నారట. మొహమాటమో, నెయ్యో ఆయనకే తెలియాలి.

ఆ సాయంత్రం నేను తలంటాను. "ఆఫీసులో మీ మేనేజరు హౌ ఆర్ యూ అంటే షుగర్ రిపోర్టు చూపిస్తారా? గుడ్ అని నడుస్తూనే ఉంటారు కదా. ఇదీ అంతే." ఇది నా సొంత పైత్యం కూడా కాదు. మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త 1923లోనే రాశాడు. ఇంగ్లీషువాళ్లు వాతావరణం బాగుందనడం, పసిఫిక్ దీవులవాళ్లు "ఎక్కణ్ణుంచి వస్తున్నావు?" అనడం, రెండూ ఎదురుపడ్డప్పుడు మౌనంగా ఉంటే కలిగే ఇబ్బందిని దాటడానికేనట. బాబాయిగారు ఆయన్ని చదివుండరు గానీ బెంచీ మీద ఆచరిస్తున్నారు.

తర్వాత ఈయనకి శిక్షణ. అడుగు ఆపకూడదు, వేగం కాస్త తగ్గించాలి. మొహం అటు తిప్పి నవ్వాలి. "ఇక్కడిదాకే బాబాయిగారూ" అనాలి. వెంటనే "మీ వాకింగ్ అయిందా?" అని వాళ్ల సంగతొకటి అడగాలి. ఆ చివరి ముక్క లేకపోతే ఎంత మర్యాదగా చెప్పినా తప్పించుకున్నట్టే ఉంటుంది. చెప్పడానికి ఇష్టంలేని చోటికి వెళ్తుంటే, ఇంటర్వ్యూ అనుకోండి, "చిన్న పనుంది" చాలు. దాని మీద "ఏం పని? ఎవరితో?" అని రెండో ప్రశ్న వస్తే అది పలకరింపు కాదు, కూపీ. అప్పుడు "వచ్చాక చెప్తా" అని నవ్వి కదలొచ్చు. వచ్చాక ఎవరూ అడగరు. ముక్కూమొహం తెలియనివాడు వెంటబడి అడిగితే మాత్రం ఈ మర్యాదలేవీ అక్కర్లేదు, అది వేరే సంగతి. సోఫా చుట్టూ నడిపించి, నేను బాబాయిగారిగా, ఆంటీగా మారుతూ రిహార్సల్ చేయించాను. అత్తగారు ఫోన్లో విని మురిసిపోయారు.

మర్నాడు మా ఆయన గేటు దాటిన తీరు బాల్కనీలోంచి చూశాను. "ఎందాకా బాబూ?" "ఇక్కడిదాకే, మీ వాకింగ్ అయిందా?" "ఆఁ, అయింది." బాబాయిగారు పేపరు మీంచి కళ్లు కూడా పూర్తిగా ఎత్తలేదు, కానీ మొహం వెలిగింది. "తిండి ఆయ్తా?" "ఆయ్తు ఆంటీ, నిమ్దు?" ఆంటీ ముగ్గు గీత చెదరకుండానే తలూపారు. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందో!

అదే ఊపులో ల్యాబ్‌కి వెళ్లారు. సూది, దూది సిద్ధం చేసుకుంటూ అక్కడి అమ్మాయి "తిండి ఆయ్తా సార్?" అంది. ఈయన చిరునవ్వు నవ్వి, ధారాళంగా "ఆయ్తు, నిమ్దు?" అన్నారు.

ఆ అమ్మాయి సూది పక్కన పెట్టేసింది. లేదు, తినలేదు, అది మాట వరసకి అన్నానని ఈయన ఎంత మొత్తుకున్నా వినలేదట. తిన్నవాళ్లందరూ సూది చూశాక అలాగే అంటారంది. "నాళె బన్ని సార్" అని, రేపు రమ్మని పంపేసింది.

కడుపు కాలుతూ రోడ్డు మీదికొచ్చి నిలబడితే, ఖాళీ ఆటో ఒకటి పక్కనే ఆగింది. అసలు ఆ రోడ్డు మీద పొద్దున్నే ఖాళీ ఆటో, అదీ తనంతట తాను ఆగడమంటే మాటలా! డ్రైవరు తల బయటికి పెట్టి "ఎల్లిగె సార్?" అన్నాడు. ఎక్కడికని. మా ఆయన వేగం కాస్త తగ్గించి, మొహం అటు తిప్పి, నవ్వి, "ఇల్లే, సుమ్నె" అన్నారట. ఇక్కడిదాకే, ఊరికే అని.

"ఊరికే"కి మీటరెంతవుతుందో తేలక కాబోలు, అతను ఒక్క క్షణం చూసి ఆటో ముందుకు పోనిచ్చాడు.